కొట్టుకి వెళ్లేముందే కొనుగోలు మొదలవుతుంది

మనకు బొత్తిగా తెలియని వస్తువును మనకు బాగా కావలసినవాళ్ల కోసం కొనాల్సి వస్తే ఏం చేయాలి? ఈ అధ్యాయం ఆ ఒక్క ప్రశ్న గురించే. ఉదాహరణగా వీడియో గేమ్‌ను తీసుకున్నాను. దానికి కారణం ఉంది. చీర నచ్చకపోతే ఇంకొకరికి పెట్టవచ్చు. చెప్పులు పట్టకపోతే మార్చుకోవచ్చు. గేమ్ అలా కాదు. ఒకే పేరుతో, ఒకే బొమ్మతో రెండు మూడు రకాల పెట్టెల్లో వస్తుంది. తప్పు పెట్టె తెస్తే పిల్లాడి దగ్గరున్న మెషీన్‌లో అది అసలు ఆడకపోవచ్చు. ఆడదని తెలిసేది సీల్ చింపాకే. సీల్ చింపాక దుకాణం వెనక్కి తీసుకోదు.

ఈ చిక్కులోంచి బయటపడటానికి గేమ్‌లు ఆడటం రానక్కర్లేదు. దుకాణం ఎలా పనిచేస్తుందో తెలిస్తే చాలు. అది ఒక అమ్మమ్మ కథగా చెబుతాను.

పేరు ఒక్కటే తెలిస్తే చాలదు

2024 జూన్. తార్నాకలో ఉండే ఆ అమ్మమ్మ రిటైరైన స్కూల్ టీచరు. కూతురి కుటుంబం కూకట్‌పల్లిలో ఉంటుంది. మనవడికి పదకొండో పుట్టినరోజు వస్తోంది. వేసవి సెలవుల్లో వాడు పదిసార్లు అన్న మాట ఆమెకు బాగా గుర్తుంది: "అమ్మమ్మా, క్రికెట్ 24 వచ్చింది తెలుసా? మా ఫ్రెండ్ వాళ్లింట్లో ఉంది." ముందుగా చెప్పకుండా తీసుకెళ్లి వాడి చేతిలో పెట్టాలని ఆమె కోరిక. అందుకే ఇంట్లో ఎవరినీ ఏమీ అడగలేదు. తార్నాకలో మెట్రో ఎక్కి, పారడైజ్‌లో దిగి, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లింది. కంప్యూటర్ సామాన్లకు జంటనగరాల్లో అందరికీ తెలిసిన చోటు అది.

గేమ్‌లు అమ్మే ఒక దుకాణంలో గోడ నిండా పెట్టెలు. కౌంటర్ దగ్గర పాతికేళ్ల అబ్బాయి.

"క్రికెట్ 24 ఉందా బాబూ?"

"ఉందమ్మా. దేనికి కావాలి? పీఎస్4కా, పీఎస్5కా, ఎక్స్‌బాక్స్‌కా?"

"మా మనవడికి" అంది ఆమె.

ఆ అబ్బాయి మర్యాద తెలిసినవాడు. రెండు పెట్టెలు తీసి కౌంటర్ మీద పక్కపక్కన పెట్టాడు. రెండింటి మీదా అదే పేరు, అవే రంగులు. "ఇది పీఎస్4ది, ఇది పీఎస్5ది. మీ ఇంట్లో ఏ మెషీన్ ఉందో దాన్నిబట్టి ఇవ్వాలి. పీఎస్5ది పీఎస్4లో పెడితే ఆడదమ్మా."

ఇక్కడ ఆమె ముందు రెండు దారులున్నాయి. మొదటిది, "కొత్తదే ఇవ్వు, కొత్తదైతే అన్నిట్లోనూ పనిచేస్తుందిలే" అనుకోవడం. ఫోన్‌లు, టీవీలు కొన్న అనుభవంతో మనలో చాలామంది చేసేది ఇదే. గేమ్‌ల విషయంలో ఇది తలకిందులవుతుంది. పీఎస్4 కోసం చేసిన డిస్కు, డిస్కు డ్రైవ్ ఉన్న పీఎస్5లో దాదాపు ఎప్పుడూ ఆడుతుంది. పీఎస్5 కోసం చేసిన డిస్కు పీఎస్4లో ఆడదు. పాతది కొత్తదాంట్లో నడుస్తుంది, కొత్తది పాతదాంట్లో నడవదు. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే సగం పొరపాట్లు తప్పుతాయి.

రెండో దారి, తెలియదని ఒప్పుకుని తెలుసుకోవడం. ఆమె అదే చేసింది. "నాకు తెలియదు నాయనా. ఏం అడిగి రావాలో చెప్పు, అడుగుతాను" అంది. కొనుగోలు గాడిలో పడింది ఆ మాటతోనే. దుకాణంలో ఉన్నవాడికి గేమ్‌లన్నీ తెలుసు, మన ఇల్లు మాత్రం తెలియదు. మన ఇంటి సంగతి మనమే తీసుకెళ్లాలి.

ఒక్క ఫొటో చెప్పే సంగతులు

ఆ అబ్బాయి అడగమన్నది చాలా చిన్న సాయం. మెషీన్‌ను ముందువైపు నుంచి ఒక ఫొటో, మనవడి దగ్గర ఇప్పటికే ఉన్న గేమ్ పెట్టెలను వరసగా పేర్చి ఇంకో ఫొటో. ఆమె కూతురికి ఫోన్ చేసింది. పిల్లాడు ట్యూషన్‌కి వెళ్లాడు, కాబట్టి గుట్టు బయటపడలేదు. ఐదు నిమిషాల్లో రెండు ఫొటోలూ వాట్సాప్‌లో వచ్చాయి.

మొదటి ఫొటోలో నల్లని పలచటి మెషీన్, ముందువైపు సన్నని గీతలాంటి చీలిక. "ఇది పీఎస్4 అమ్మా. ఈ చీలికలోంచే డిస్కు లోపలికి పోతుంది" అన్నాడు అబ్బాయి. పీఎస్4 ఏ మోడలైనా డిస్కు పెట్టే చోటు ఉంటుంది. అందుకని ఆమెకు రెండో అనుమానం అక్కర్లేకపోయింది. పీఎస్5 ఉన్న ఇళ్లకు మాత్రం ఆ అనుమానం తప్పదు. పీఎస్5 మొదటినుంచీ రెండు రకాలుగా వస్తోంది. ఒకదానికి డిస్కు డ్రైవ్ ఉంటుంది. 'డిజిటల్ ఎడిషన్' అనే రెండోదానికి ఉండదు, గేమ్‌ను ఇంటర్నెట్ ద్వారా దించుకోవాల్సిందే. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ కూడా డిస్కు డ్రైవ్ లేని మెషీనే. అలాంటి ఇంటికి డిస్కు తీసుకెళితే అది అలమారలో అలంకారంగా మిగిలిపోతుంది. అందుకే మెషీన్ పేరు అడిగి ఊరుకోకూడదు. డిస్కు పెట్టే చీలిక ఫొటోలో కనబడాలి.

రెండో ఫొటోలో ఐదారు పెట్టెలున్నాయి. వాటిలో ఒకటి క్రికెట్ 22. "ఇదే కదా అది?" అని ఆమె కంగారుపడింది. "కాదమ్మా, ఇది దీనికి ముందుది. 2021 చివర్లో వచ్చింది. 24 వచ్చింది 2023 అక్టోబర్‌లో" అన్నాడు అబ్బాయి. ఆటల గేమ్‌లకు ఇది అలవాటే. పేరు అలాగే ఉండి అంకె మారుతుంది. జట్లు, ఆటగాళ్లు, మైదానాలు, బొమ్మల నాణ్యత మారతాయి. కొన్నిటికి పేరే మారిపోతుంది. ఏళ్ల తరబడి 'ఫిఫా' పేరుతో వచ్చిన ఫుట్‌బాల్ గేమ్ 2023 నుంచి 'ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ'గా వస్తోంది. మనవడు "ఫిఫా కొత్తది" అని అడిగితే ఆ పేరుతో కొత్తది దొరకదు, దుకాణంలో మిగిలిపోయిన పాతది దొరుకుతుంది. అంచేత పేరుతోపాటు అంకె కూడా రాసుకోవాలి. పిల్లాడి దగ్గర ఏ అంకె ఉందో కూడా తెలుసుకోవాలి.

అట్ట మీద రాసి ఉన్నది చదవాలి

గోడ మీద ఉన్న పెట్టెను ఆమె చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా అనిపించింది. లోపల ఏమీ లేదు. చాలా గేమ్ దుకాణాల్లో గోడ మీద ఉండేవి ఖాళీ పెట్టెలే. డిస్కులు చిన్నవి, ఖరీదైనవి, జేబులో పట్టేవి. అందుకే అసలు సరుకు కౌంటర్ వెనక సొరుగులో ఉంటుంది. బిల్లు వేసేటప్పుడు తీసి ఇస్తారు. కొనేవాళ్లకు దీనివల్ల ఒక పని పడుతుంది. మనం గోడ మీద చూసింది ఒక పెట్టె, ఇంటికి తెచ్చుకునేది ఇంకో పెట్టె. కాబట్టి సొరుగులోంచి తీసి ఇచ్చినదాన్ని మళ్లీ మొదటినుంచీ చూసుకోవాలి.

అబ్బాయి సీల్ ఉన్న పెట్టె తీసి ఇచ్చాడు. అట్ట పైభాగాన అడ్డంగా పట్టీ ఉంది, దాని మీద మెషీన్ పేరు ఉంది. పీఎస్4కి ఆ పట్టీ నీలం, పీఎస్5కి తెలుపు. కళ్లజోడు లేకపోయినా రంగు తెలుస్తుంది. ఆమె నీలం పట్టీ చూసి తృప్తిపడింది. అంతలో అట్ట కింది మూల ఒక అంకె కనబడి ఆగిపోయింది. ఆకుపచ్చ గడిలో '3'.

"ఇది మూడేళ్ల పిల్లలది కదా? మావాడికి పదకొండు వస్తాయి" అంది.

ఎంతోమంది పెద్దవాళ్లకు కలిగే సందేహమే ఇది. ఆ గుర్తు పేరు పెగీ. ఐరోపాలో 2003లో మొదలైన వయసు సూచిక పద్ధతి. మన దేశంలో అమ్మే చాలా పెట్టెల మీదా అదే కనిపిస్తుంది. అందులో 3, 7, 12, 16, 18 అని ఐదు మెట్లు. లోపల ఉన్న దృశ్యాలు, మాటలు ఎంత వయసు దాటినవాళ్లు చూడదగినవో మాత్రమే ఆ అంకె చెబుతుంది. ఆట ఎంత కష్టమో చెప్పదు. '3' అంటే ఆ ఆటలో చిన్నపిల్లల కళ్లబడకూడనిది ఏదీ లేదని. క్రికెట్, ఫుట్‌బాల్ గేమ్‌ల మీద సాధారణంగా 3 ఉంటుంది, కానీ వాటిని నేర్చుకోవడానికి పెద్దవాళ్లకే రోజులు పడుతుంది. ఇక '18' ఉందంటే హింస, బూతులు, పెద్దవాళ్ల వ్యవహారాలు లోపల ఉన్నాయని.

ఆమెకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. "మావాడు జీటీఏ అని కార్ల గేమ్ కూడా అడుగుతుంటాడు. అది ఎలాంటిది?" అబ్బాయి గోడ మీది పెట్టె తీసి అట్ట చూపించాడు. ఎర్ర గడిలో 18. అట్ట మీద కారు ఉన్నంత మాత్రాన అది కార్ల ఆట అయిపోదు. 2013లో వచ్చిన ఆ గేమ్ దొంగతనాలు, కాల్పులు కథగా పెద్దవాళ్ల కోసం చేసినది. కౌంటర్ దగ్గర పిల్లాడి వయసు అడిగి ఆపేవాళ్లు ఉంటారని లెక్కపెట్టుకోవద్దు. ఆ అంకె చదవాల్సింది మనమే. కొన్ని పెట్టెల మీద పెగీ బదులు అమెరికా పద్ధతి అక్షరాలుంటాయి. అక్కడ ఆంగ్ల 'ఈ' అక్షరం అందరికీ, 'టీ' పదమూడు దాటినవాళ్లకు, 'ఎం' పదిహేడు దాటినవాళ్లకు.

అట్ట వెనకవైపు చిన్న అక్షరాల్లో మరో మూడు సంగతులుంటాయి. ఒక టీవీ ముందు ఎంతమంది కలిసి ఆడవచ్చు, మెషీన్‌లో ఎంత ఖాళీ జాగా కావాలి, ఇంటర్నెట్‌లో ఇతరులతో ఆడటానికి విడిగా చందా కట్టాలా అన్నవి. మొదటిది ముఖ్యం. మనవడు చెల్లెలితో కలిసి ఆడాలంటే రెండో కంట్రోలర్ ఉండాలి. అది ఇంట్లో లేకపోతే గేమ్ కన్నా ముందు దాని అవసరమే ఎక్కువేమో చూసుకోవాలి. మూడోది ఖర్చుకు సంబంధించినది. ప్లేస్టేషన్‌లో డబ్బు పెట్టి కొన్న గేమ్‌లను ఇంటర్నెట్‌లో వేరేవాళ్లతో ఆడాలంటే చాలావాటికి 'పీఎస్ ప్లస్' చందా ఉండాలి. డిస్కు కొనగానే ఆ సౌకర్యం రాదు. అమ్మమ్మ కూతురిని మళ్లీ అడిగింది. కంట్రోలర్లు రెండున్నాయి, చందా లేదు. మనవడు ఆడేది చెల్లెలితోనూ, మెషీన్‌తోనూ. చందా లేకపోయినా ఫర్వాలేదని తేలింది.

ఒకే గేమ్‌కి మూడు ధరలు

సీల్ ఉన్న కొత్త డిస్కు 2,800 రూపాయలన్నాడు అబ్బాయి. పెట్టె మీద ఎమ్మార్పీ అంతకన్నా ఎక్కువే ఉంది. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదన్న హద్దు, అంత ఇచ్చి తీరాలని కాదు. గేమ్ విడుదలైన కొత్తలో ఆ హద్దుకు దగ్గరగా అమ్ముతారు. నెలలు గడిచేకొద్దీ తగ్గిస్తారు. ఆటల గేమ్‌లయితే మరీ త్వరగా తగ్గుతాయి, తర్వాతి అంకె వస్తే పాతది అడిగేవాళ్లుండరు కనుక.

"ఇదే సెకండ్ హ్యాండ్‌ది 1,900కి ఉందమ్మా. డిస్కు బాగానే ఉంది" అన్నాడు. ఆమె దాన్నీ చూపించమంది. వాడిన డిస్కు కొనడంలో తప్పేమీ లేదు. గేమ్ డిస్కు ఎంతమంది చేతులు మారినా ఆట అదే. అయితే చూడాల్సినవి ఉన్నాయి. పెట్టె తెరిచి లోపల ఉన్నది అదే డిస్కు అవునో కాదో చూడాలి. వెనక మెరిసే వైపును వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడాలి. సన్నని వెంట్రుక గీతలు సాధారణంగా ఇబ్బంది పెట్టవు. గోరు ఆనిస్తే తగిలేంత లోతు గీత ఉంటే వద్దనాలి. దుకాణంలో మెషీన్ ఉంటే పెట్టి చూపించమనాలి. పెట్టెలో అదనపు ఆటగాళ్లకో, దుస్తులకో ఇచ్చే రహస్య సంఖ్య చీటీ ఉంటే అది ఒక్కసారికే చెల్లుతుంది. మొదట కొన్నవాళ్లు దాన్ని వాడేసి ఉంటారు.

ఇక్కడ దుకాణం లెక్క కూడా తెలిసి ఉండాలి. కొత్త గేమ్‌ల మీద దుకాణదారుకు మిగిలేది తక్కువ. వాడిన డిస్కుల మీదే అతని లాభం ఎక్కువ, తక్కువకు కొని తన ధరకు అమ్ముకుంటాడు కనుక. అందుకే చాలామంది వాడినవాటిని ముందుకు తోస్తారు. అది మోసం కాదు, వ్యాపారం. మనం మన లెక్క వేసుకోవాలి. ఆమె అడిగింది: "మావాడు ఆడేశాక తెస్తే ఎంతకి తీసుకుంటావు?" త్వరగా తెస్తే 1,200 అన్నాడు. కొత్తది కొని తిరిగి ఇస్తే చివరికి పడే ఖర్చు 1,600. వాడినది కొని తిరిగి ఇస్తే 700. తేడా 900. మనవడు నెల రోజుల్లో ముగించేసే కథల గేమ్ అయితే ఈ 900 నిజంగా మిగులుతుంది. క్రికెట్ గేమ్ అలా ముగిసేది కాదు. వాడు ఏడాదిపాటు ఆడతాడు, ఈలోగా తిరిగి కొనే ధర పడిపోతుంది. పైగా ఇది పుట్టినరోజు కానుక, సీల్ చింపే సంబరం వాడికి దక్కాలి. ఆమె కొత్తదే అనుకుంది. ఇంకో కుటుంబానికి రెండోదే సరైనది కావచ్చు. లెక్క వేసి తేల్చుకున్నాక ఏది కొన్నా తప్పు లేదు.

మూడో ధర పక్క దుకాణంలో వినబడింది. "డిస్కు ఎందుకు మేడం? మెషీన్ తీసుకురండి, 500కి లోపల వేసేస్తాం. ఇంకో పది గేమ్‌లు కూడా వేస్తాం" అన్నాడు అక్కడి మనిషి. 2,800 పక్కన 500 ఎవరినైనా ఆలోచనలో పడేస్తుంది. ఆ 500కి దొరికేది రెండు రకాలు. ఒకటి, మెషీన్ సాఫ్ట్‌వేర్‌ను మార్చి దొంగ కాపీలు ఎక్కించడం. అలాంటి మెషీన్‌ను కంపెనీ తన ఆన్‌లైన్ సేవలనుంచి శాశ్వతంగా తీసేయవచ్చు. రెండోది, వేరే ఎవరో కొన్న గేమ్‌ను వాళ్ల ఖాతాతో మన మెషీన్‌లో తెరిచి ఇవ్వడం. ఒకే ఖాతాను నలుగురికి అమ్ముతారు. ఆ ఖాతా మనది కాదు. అసలువాడు పాస్‌వర్డ్ మార్చిన రోజు గేమ్‌కి తాళం పడుతుంది. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. డిస్కు ఇవ్వరు, సీల్ ఉండదు, గేమ్ పేరుతో బిల్లు అడిగితే రాయరు. ఆమె బిల్లు అడిగింది. "దీనికి బిల్లు ఉండదు మేడం" అన్నాడు. ఆమె మొదటి దుకాణానికి తిరిగి వచ్చేసింది.

డబ్బు ఇచ్చే ముందు అడగాల్సిన మాట

కౌంటర్ వెనక గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది: సీల్ తీసిన గేమ్‌లు వాపసు తీసుకోబడవు. చదవగానే ఇది దౌర్జన్యం అనిపిస్తుంది. కారణం తెలిస్తే అనిపించదు. శుక్రవారం కొన్న గేమ్‌ను ఆదివారానికి ఆడి ముగించేసి, సోమవారం "నచ్చలేదు" అని తెచ్చేవాళ్లుంటారు. సీల్ పోయిన పెట్టెను దుకాణదారు కొత్తదిగా అమ్మలేడు. అందుకే ఆ నియమం. 'నచ్చలేదు' అన్న కారణానికి అది వర్తిస్తుంది. 'పనిచేయడం లేదు' అన్నది పూర్తిగా వేరే సంగతి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఈ తేడాను స్పష్టంగా చూస్తుంది. లోపం ఉన్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. బిల్లులో గడువేదీ రాయకపోతే ముప్ఫై రోజులు. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే కోవలోకి వస్తుంది. కనుక కొత్త డిస్కు మెషీన్‌లో చదవబడకపోతే గోడ మీది కాగితం చూసి వెనుదిరగాల్సిన పని లేదు. బిల్లు చూపించి మరో డిస్కు అడగాలి. దుకాణం వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. దీనంతటికీ ఆధారం బిల్లే. దాని మీద గేమ్ పేరు, అంకె, మెషీన్ పేరు మూడూ ఉండాలి. 'గేమ్ సీడీ - 1' అని రాసిన బిల్లు రేపు దేన్నీ నిరూపించదు.

చట్టం ఇవ్వని సౌకర్యాన్ని నోటితో అడిగి తెచ్చుకోవచ్చు. ఆమెకు మిగిలిన భయం ఒకటే. అదే పుట్టినరోజుకి ఇంకెవరైనా ఇదే గేమ్ ఇస్తే? డబ్బు చేతిలో ఉండగానే అడిగింది: "సీల్ తీయకుండా తెస్తే మారుస్తావా బాబూ?"

"పది రోజుల్లో తెండమ్మా. డబ్బు ఇవ్వను గానీ, అదే ధరలో ఇంకో గేమ్ ఇస్తాను."

"ఆ మాట బిల్లు మీద రాసి సంతకం పెట్టు."

రాశాడు. ఇదే మాట డబ్బు ఇచ్చాక అడిగితే దయ అడిగినట్టుంటుంది. ఇవ్వకముందు అడిగితే బేరంలో భాగమవుతుంది. సీల్ తీయని సరుకు అతనికీ నష్టం కాదు కనుక చాలామంది ఒప్పుకుంటారు.

బయల్దేరబోతుంటే అబ్బాయి ఒక మంచి మాట చెప్పాడు. డిస్కు పెట్టగానే ఆట మొదలవదు. ముందు మెషీన్ దాన్ని తనలోకి ఎక్కించుకుంటుంది. తర్వాత ఇంటర్నెట్ నుంచి సవరణలు దించుకుంటుంది. ఇంటర్నెట్ వేగాన్నిబట్టి గంటలు కూడా పట్టవచ్చు. కేక్ కోసి, స్నేహితులను కూర్చోబెట్టుకుని డిస్కు పెడితే అందరూ తెర మీద నిండుతున్న గీతను చూస్తూ కూర్చోవాలి. ఆమె కానుకను పుట్టినరోజు ఉదయమే ఇచ్చింది. సాయంత్రం స్నేహితులు వచ్చేసరికి గేమ్ సిద్ధంగా ఉంది.

ఆన్‌లైన్‌లో కొంటే

దుకాణంలో మనిషి అడిగిన ప్రశ్నలు వెబ్‌సైట్ అడగదు. అవన్నీ మనమే వేసుకోవాలి. ఒకే పేజీలో పీఎస్4, పీఎస్5 పక్కపక్కన గడులుగా ఉంటాయి. వేలు ఒక గడి అటు పడితే తప్పు డిస్కు వస్తుంది. డబ్బు కట్టే పేజీలో మెషీన్ పేరు మళ్లీ చదవాలి. అమ్ముతున్నది ఆ వెబ్‌సైటా, దాని మీద దుకాణం పెట్టుకున్న వేరే వ్యాపారా అన్నది కూడా చూడాలి. అమ్మేవారి వివరాలు, వాపసు షరతులు చూపించాలని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. 'రీప్లేస్‌మెంట్ మాత్రమే' అని ఉంటే డబ్బు తిరిగి రాదు.

డిస్కు లేని మెషీన్ ఉన్న ఇంటికి గిఫ్ట్ కార్డు పంపడమే తేలిక. అక్కడ ఒక చిక్కుంది. ప్లేస్టేషన్ ఖాతా తెరిచేటప్పుడు ఎంచుకున్న దేశాన్ని తర్వాత మార్చడం కుదరదు, గిఫ్ట్ కార్డు ఆ దేశానిదే అయి ఉండాలి. డల్లాస్‌లో ఉన్న మేనమామ అక్కడ కొన్న డాలర్ల కార్డు కూకట్‌పల్లి మేనల్లుడి భారత్ ఖాతాలో చెల్లదు. ఇక్కడి తాతయ్య రూపాయల కార్డు అక్కడి మనవడి అమెరికా ఖాతాలో చెల్లదు. కొనేముందు ఖాతా ఏ దేశానిదో అడగాలి. ప్లేస్టేషన్ స్టోర్‌లో నేరుగా కొన్న గేమ్‌కి పద్నాలుగు రోజుల్లో వాపసు అడగవచ్చు, కాని దాన్ని దించుకోవడం మొదలుపెట్టి ఉండకూడదు. పిల్లాడికి ఇది ముందే చెప్పాలి. ఇంకొక్క మాట. గిఫ్ట్ కార్డు మీది సంఖ్యే డబ్బు. ఎవరు ఫోన్ చేసి, ఏ కారణం చెప్పి ఆ సంఖ్య అడిగినా అది మోసమే.

మీ చీటీ

గేమ్ కొనడానికి బయల్దేరే ముందు ఒక చీటీ మీద ఈ నాలుగింటికి జవాబులు రాసుకోండి. పిల్లాడికి తెలియకూడదనుకుంటే వాళ్ల అమ్మనో నాన్ననో అడగండి.

1. మెషీన్ పేరేమిటి? డిస్కు పెట్టే చీలిక ఉందా? (ఫొటో ఉంటే మరీ మంచిది.)

2. గేమ్ పూర్తి పేరు, దాని పక్కన అంకె ఏమిటి? ఆ వరసలో ఇప్పటికే వాడి దగ్గర ఏవి ఉన్నాయి?

3. వాడు ఎవరితో ఆడతాడు? ఒంటరిగానా, పక్కన కూర్చున్నవాళ్లతోనా, ఇంటర్నెట్‌లోనా? కంట్రోలర్లు ఎన్ని, చందా ఉందా?

4. డిస్కు కాకపోతే, ఖాతా ఏ దేశానిది?

దుకాణంలో చేయాల్సినవి మూడే. సొరుగులోంచి తీసి ఇచ్చిన పెట్టె మీద మెషీన్ పేరు, వయసు అంకె చదవండి. సీల్ తీయకుండా తెస్తే మారుస్తారా అని డబ్బు ఇవ్వకముందే అడిగి బిల్లు మీద రాయించుకోండి. పేర్లన్నీ ఉన్న బిల్లు లేకుండా గడప దాటకండి.

ఈ వారమే మీ పిల్లలకు ఫోన్ చేసి ఆ రెండు ఫొటోలు తెప్పించుకుని మీ ఫోన్‌లో దాచుకోండి. పుట్టినరోజు దగ్గరపడ్డాక అడిగితే పిల్లలకు గుట్టు తెలిసిపోతుంది. ఇప్పుడైతే ఎవరికీ అనుమానం రాదు.